‘స్లాబ్ అయిపోయింది సార్’

సాయంత్రం ఆరింటికి సైటు సూపర్‌వైజర్ నుంచి ఆఫీసుకు వాట్సాప్ వస్తుంది: “సార్, స్లాబ్ అయిపోయింది. మధ్యల వాన కొట్టింది, కాసేపు ఆపినం. ఆర్‌ఎంసీ బండ్లు లేటు. లేబర్ ఫుల్. క్యూబులు తీసినం. రేపు నీళ్లు కడతం.” హైదరాబాద్ శివార్లలో ఏ అపార్ట్‌మెంటు సైటు నుంచైనా రాగల మెసేజ్ ఇది. రాత్రిలోగా దీన్ని క్లయింటుకు పంపే రోజువారీ నివేదికగా మార్చాలి. ఈ రంగంలో అందరూ దాన్ని డీపీఆర్ అంటారు.

జూనియర్ ఇంజనీర్లు సాధారణంగా భాష దిద్దేసి ఊరుకుంటారు: “వర్షం వల్ల స్వల్ప అంతరాయం కలిగినప్పటికీ స్లాబు పని విజయవంతంగా పూర్తయింది.” చదవడానికి సొంపుగానే ఉంది. క్లయింటు తరఫు ఇంజనీరుకు మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు. ఎంత కాంక్రీటు పోశారో, ఎంతసేపు ఆగారో, ఆగినప్పుడు బండిలో ఉన్న సరుకు ఏమైందో ఇందులో లేవు. రాయడానికి ముందు ఒక్క ఫోన్ తప్పదు.

“అన్నా, వాన ఎన్నింటికి మొదలైంది?”

“ఒకటీ ఇరవైకి సార్. రెండూ అయిదుకు మళ్ల షురూ చేసినం.”

“అప్పుడు బండి ఏమైనా నిలబడి ఉందా?”

“నాలుగోది. అప్పుడే వచ్చింది.”

అసలు విషయం ఇక్కడుంది. ప్లాంటులో లోడైన రెండు గంటల్లోపు రెడీమిక్స్ కాంక్రీటును బండి నుంచి దింపేయాలన్నది భారత ప్రమాణం ఐఎస్ 4926 చెప్పే సాధారణ నియమం. గట్టిపడడాన్ని ఆలస్యం చేసే రసాయనం కలిపితే కొంత వెసులుబాటు ఉంటుంది. బండి ఎక్కువసేపు నిలబడితే కాంక్రీటు బిగుసుకుంటుంది, పంపులో కదలదు. అప్పుడు ఎవరో ఒకరు పైపు పెట్టి నీళ్లు కలిపేస్తారు. పని తేలికవుతుంది, బలం తగ్గుతుంది. అందుకే చలాన్ ఫొటో అడగాలి. మన ఉదాహరణలో చలాన్ మీద లోడింగ్ సమయం 12:30, దింపడం పూర్తయింది 2:25కు. అంటే 1 గంట 55 నిమిషాలు, గడువుకు అయిదు నిమిషాల ముందు. నీళ్లు కలిపారా అన్నది కూడా సూటిగా అడగాలి. జవాబు రాకపోతే “నీరు కలపలేదు” అని మనంతట మనం రాయకూడదు.

క్యూబుల సంగతీ అంతే. ఐఎస్ 456 ప్రకారం 16 నుంచి 30 ఘనమీటర్ల కాంక్రీటుకు కనీసం మూడు నమూనాలు తీయాలి, నమూనాకు మూడు క్యూబులు. ఆరు ఘనమీటర్ల బండ్లు అయిదు వచ్చాయి కనుక మొత్తం 30 ఘనమీటర్లు, తొమ్మిది క్యూబులు. సూపర్‌వైజర్ పంపిన ఫొటోలో ఆరే కనిపిస్తున్నాయి. అడిగితే ఆరే తీశామన్నాడు. ఇక్కడ తొమ్మిది అని రాసేయాలన్న ఆశ పుడుతుంది. 28 రోజుల పరీక్ష నాటికి ల్యాబుకు చేరేవి మాత్రం ఆరే, అప్పుడు నివేదికే అబద్ధమని తేలుతుంది.

“బండ్లు లేటు” అన్న మాటతో జాగ్రత్త. తప్పు ప్లాంటుదా, ట్రాఫిక్‌దా, ఆర్డరు ఆలస్యంగా ఇచ్చిన మనదా? తెలియనప్పుడు కారణం వదిలేసి గడియారం మాత్రమే రాయాలి. అలాగని డీపీఆర్‌లో రాశాం కదా అని గడువు పొడిగింపు దానంతటదే రాదు. కాంట్రాక్టులో నోటీసు ఇవ్వాలని ఉంటే ఆ ఉత్తరం వేరుగా పంపాల్సిందే.

ఇవన్నీ తేలాక నివేదిక ఇలా ఉంటుంది:

“మొదటి అంతస్తు స్లాబుకు ఎం-25 కాంక్రీటు 30 ఘనమీటర్లు (5 బండ్లు) పోశాం. ఆరంభం ఉ. 10:15, ముగింపు మ. 3:20. బండ్ల రాక సమయాలు చలాన్లలో ఉన్నాయి. వర్షం వల్ల మ. 1:20 నుంచి 2:05 వరకు పని ఆపాం. పోసిన భాగంపై టార్పాలిన్ కప్పాం. పని ఆగిన చోటు: సి-7, సి-8 స్తంభాల మధ్య. నాలుగో బండి లోడింగ్ 12:30, దింపడం పూర్తి 2:25. నీరు కలపలేదని సూపర్‌వైజర్ తెలిపారు. క్యూబులు తీసినవి 6, తీయాల్సినవి 9. మేస్త్రీలు 3, సెంట్రింగ్ పనివారు 4, కూలీలు 14. రేపు: మళ్లు కట్టి క్యూరింగ్.”

ఆగిన చోటును స్తంభాల నంబర్లతో రాయడం ఊరికే కాదు. రేపు స్లాబు అడుగున చెమ్మ గీత కనబడితే మొదట వెతికేది ఆ జాగానే. నీటి విషయంలో “సూపర్‌వైజర్ తెలిపారు” అన్నదీ కావాలనే పెట్టింది. చలాన్‌లో చూసింది వేరు, నోటితో విన్నది వేరు. “విజయవంతంగా” మాత్రం ఎక్కడా లేదు. ఆ సంగతి చెప్పాల్సింది క్యూబు పరీక్ష.

పంపే ముందు నివేదికను సూపర్‌వైజర్‌కు ఒకసారి చదివి వినిపించండి, పొరపాటు ఉంటే అక్కడే దొరుకుతుంది. చలాన్, క్యూబుల ఫొటోలను వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి. మామూలుగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గుతుంది, తీసిన సమయం వివరాలూ పోతాయి.