వెబ్‌సైట్ కన్నా ముందు ఫోన్ పక్కన ఒక నోటుబుక్కు

ఊళ్లో బేకరీ నడిపే ఎవరైనా వెబ్‌సైట్ చేయిద్దామని అనుకుంటే, చేసిపెట్టే కుర్రాడు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "ఎన్ని పేజీలు కావాలి సార్?" ఐదు పేజీలకు ఒక రేటు, పదింటికి ఒక రేటు. హోమ్, మా గురించి, మా ఐటమ్స్, ఫొటోలు, కాంటాక్ట్. కార్టు పెట్టాలంటే ఇంకొంత అవుతుంది. రంగు పింక్ పెడదామా, చాక్లెట్ కలరా? యజమానికీ ఈ ప్రశ్నలు బాగానే ఉంటాయి, ఎందుకంటే జవాబు చెప్పడం తేలిక. ఆ సైటు వచ్చాక బేకరీలో ఏది మారాలన్న మాట మాత్రం ఇద్దరి మధ్యా రాదు. ఏడాది తిరిగేసరికి సైటులో పోయిన డిసెంబర్ 31 ఆఫర్ అలాగే వేలాడుతుంటుంది. కౌంటర్లో ఫోన్ ఎప్పటిలాగే మోగుతుంటుంది.

ఏది మారాలో తెలియాలంటే ఆ ఫోన్‌నే అడగాలి. హనుమకొండలాంటి ఊళ్లో ఒక చిన్న బేకరీ ఉందనుకుందాం. ముందు అద్దాల బీరువాలో ఎగ్ పఫ్‌లు, కర్రీ పఫ్‌లు, దిల్‌పసంద్, ఉస్మానియా బిస్కెట్లు. వెనక ఒక ఓవెన్, ఒక కేక్ మాస్టర్, ఒక హెల్పర్. కౌంటర్లో భార్యాభర్తలు. బేకరీ నేను ఊహించినదే, కింద వచ్చే అంకెలు కూడా లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. కానీ ఇలాంటి షాపులో గంటసేపు నిలబడినవాళ్లకు ఇందులో ఏదీ కొత్తగా తోచదు.

ఈ దంపతులు రెండు వారాలపాటు ఫోన్ పక్కన ఒక నోటుబుక్కు పెట్టారు. వచ్చిన ప్రతి కాల్‌కీ ఒక వరుస: ఎప్పుడు వచ్చింది, ఏం అడిగారు, ఏం చెప్పాం, చివరికి ఏమైంది. వాట్సాప్‌లో వచ్చినవీ, కౌంటర్ దగ్గర అడిగి ఏమీ కొనకుండా వెళ్లినవాళ్ల మాటలూ అందులోనే. రెండు వారాలు ఎందుకంటే, రెండు శని ఆదివారాలు పడాలి. కేకుల వ్యాపారంలో మంగళవారాన్ని చూసి శనివారం ఎలా ఉంటుందో చెప్పలేం. జ్ఞాపకం మీద ఆధారపడకపోవడానికీ కారణం ఉంది. ఐదు కేజీల రిసెప్షన్ కేకు ఎవరికైనా గుర్తుంటుంది, "అన్నా, షాపు తీసే ఉందా?" అని రోజూ వచ్చే కాల్స్ ఎవరికీ గుర్తుండవు.

మొత్తం 140 కాల్స్ లెక్క తేలాయి. అందులో 55 షాపు తీశారా, ఎప్పటిదాకా ఉంటారు, ఎక్కడ అన్నవే. 40 దాకా రేట్లు, ఎగ్‌లెస్ ఉందా అన్నవి. 30 కాల్స్ అసలైన కేక్ ఆర్డర్లు. మిగతా 15లో "మా కేకు అయిందా" అన్నవీ, మైదా, క్రీము అమ్ముతామనేవాళ్లవీ ఉన్నాయి. ఇక్కడితో ఆగితే, ఎక్కువ కాల్స్ దేనికి వస్తున్నాయో దానికే సైటు అన్న తీర్మానానికి వచ్చేస్తాం. అయితే నాలుగో గడి, అంటే చివరికి ఏమైందన్నది, ఇంకో సంగతి చెబుతోంది.

వేళలూ, దారీ అడిగిన 55 మందిలో చాలామంది జవాబు విని వచ్చేశారు. వాళ్లకు వెబ్‌సైట్ అక్కర్లేదు. గూగుల్ మ్యాప్స్‌లో కనబడే బిజినెస్ ప్రొఫైల్‌లో వేళలు, ఫోన్ నంబరు, సరైన పిన్, పండగ రోజు మారిన టైమింగ్స్ పెడితే చాలు. అది ఉచితం, ఒక సాయంత్రం పని. రేట్ల ప్రశ్నల్లో సగానికి వాట్సాప్ బిజినెస్ కేటలాగే జవాబు చెప్పగలదు. వెబ్‌సైట్ లక్ష్యం తేల్చుకునేటప్పుడు ముందుగా జరగాల్సిన పని ఇదే: సైటు లేకుండా తీరే అవసరాలను లక్ష్యంలోంచి తీసేయడం. చాలా సైట్లు ఈ అరిగిపోయిన ప్రశ్నలకే పేజీలు కట్టి, అసలు నొప్పి జోలికి పోకుండా మిగిలిపోతాయి.

ఆ నొప్పి 30 ఆర్డర్లలో ఉంది. వాటిలో తొమ్మిదింటికి మాత్రమే మొదటిసారే వివరాలన్నీ దొరికాయి. మిగిలినవాటికి మళ్లీ ఫోన్ చేయాల్సి వచ్చింది: అరకేజీయా, కేజీయా? గుడ్డు పరవాలేదా? ఎన్నింటికి వస్తారు? మూడు కేకులు తప్పు పోయాయి. ఒకదాని మీద లాస్య పేరు హాస్య అయింది; రోడ్డు మీది హారన్ల మధ్య ఫోన్‌లో వింటే అంతే మరి. ఇంకొకటి శనివారంనాడు ఎగ్‌లెస్ అడిగితే మామూలు స్పాంజితో చేశారు. గుడ్డు ముట్టని పెద్దవాళ్లున్న ఇల్లు. కేకు వెనక్కి వచ్చింది, డబ్బులు వెనక్కి పోయాయి. మూడోది సాయంత్రం ఏడు గంటల కేకు, ఎనిమిదిన్నరకు గానీ తయారవలేదు.

ఇక్కడే యజమాని మామూలుగా అనే మాటను కాస్త పక్కన పెట్టాలి. "సైటు దేనికి అంటే, సేల్స్ పెరగడానికే కదా!" పెరగాలి, సరే, ఎప్పుడు? శనివారం సాయంత్రం ఈ మాస్టర్ చేయగలిగినవి పన్నెండు కేకులు, ఇప్పటికే పది పదకొండు వస్తున్నాయి. కూల్ కేకులో తొందరపెట్టడానికి వీల్లేని మెట్లు ఉన్నాయి. స్పాంజి బేక్ అవ్వాలి, పూర్తిగా చల్లారాలి. వేడి మీద క్రీము పూస్తే కరిగి జారుతుంది. తర్వాత పొరలుగా కోసి, పంచదార పాకం చల్లి, మధ్యలో క్రీము పెట్టి, పైన పలచగా ఒక పూత వేసి ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, అప్పుడు డిజైన్ చేయాలి. ఎగ్‌లెస్ స్పాంజికి పిండి వేరే కలపాలి, గిన్నెలు వేరే పెట్టాలి. సాయంత్రం ఐదుకు వచ్చిన ఆర్డరు ఏడుకు ఇవ్వాలంటే పొద్దున్నే సరైన స్పాంజి మిగిలి ఉండాలి. అంటే అదృష్టం ఉండాలి. ఇలాంటి షాపుకు సైటు వల్ల శనివారం ఇంకో ఐదు ఆర్డర్లు వస్తే అది లాభం అనిపించుకోదు, ఇంకో రెండు వాపసు కేకులు అవుతాయి.

అదే ఆర్డరు ముందు రోజు రాత్రికి పూర్తి వివరాలతో వస్తే మాస్టర్ పొద్దున్నే లెక్క చూసుకుంటాడు: మామూలువి ఎన్ని, ఎగ్‌లెస్ ఎన్ని, ఏ సైజు అచ్చులు. సాయంత్రం డిజైన్ పని ఒక్కటే మిగులుతుంది. పన్నెండు కాస్తా పదిహేను చేయగలిగేది అప్పుడే. సేల్స్ పెరగడానికి దారి ఇక్కడ ఉంది.

అందుకని వీళ్లు కాగితం మీద రాసుకున్న లక్ష్యం ఇలా తేలింది: మూడు నెలల్లో, పది కేక్ ఆర్డర్లలో ఏడు ముందు రోజు రాత్రి 8 గంటలలోపు రావాలి, బరువు, ఫ్లేవర్, గుడ్డు ఉండాలా వద్దా, రాయాల్సిన పేరు, తీసుకెళ్లే సమయం, అడ్వాన్స్ అన్నీ అందులో ఉండాలి. ఇప్పుడు అలా వస్తున్నవి పదింటికి మూడు. నోటుబుక్కే ఆ మూడును చెప్పింది. ఆ అంకె లేకపోతే రేపు ఏడు అయిందో, నాలుగు దగ్గరే ఆగిందో చెప్పే ఆధారమే ఉండదు. కిందనే ఇంకో వాక్యం రాశారు: పఫ్‌లు, బిస్కెట్లు సైటులో అమ్మం, ఇంటికి డెలివరీ ఇప్పటికి లేదు. ఈ రెండో వాక్యం రాయడానికే ఇంట్లో ఎక్కువ వాదన జరుగుతుంది, జరగనివ్వాలి. ఇరవై రూపాయల పఫ్ కోసం ఎవరూ ఫారం నింపరు. పైగా కౌంటర్లో అయిపోయిన పఫ్ సైటులో ఉన్నట్టు కనబడకుండా చూసుకోవడానికే రోజూ ఒక మనిషి పని పడుతుంది.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నల పుట్టినరోజుకు పంపే కేకుల సంగతేమిటని పెద్దమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. నోటుబుక్కులో అలాంటివి రెండే ఉన్నాయి కాబట్టి పక్కన పెట్టారు. అవే పది ఉంటే లక్ష్యమే వేరు, సైటూ వేరు. అప్పుడు ఇంటికి డెలివరీ తప్పదు. డబ్బు చెల్లించే దారి పెద్ద ప్రశ్న అవుతుంది: అమెరికా, యూఏఈతో కలిపి పది దేశాల ఫోన్ నంబర్లతో ఎన్‌ఆర్‌ఐ ఖాతాల నుంచి యూపీఐ వాడుకోవడానికి ఎన్‌పీసీఐ 2023 జనవరిలో వీలు కల్పించింది గానీ, ఆ ఏర్పాటు లేనివాళ్లకు విదేశీ కార్డు తీసుకునే గేట్‌వే కావాలి. కేకు అందిందని ఫొటో పంపాలి. ఒకే షాపు, అవే కేకులు, అయినా రెండు సైట్ల మధ్య పోలిక దాదాపు ఉండదు.

లక్ష్యం తేలాక పేజీల చర్చ ఆశ్చర్యంగా చిన్నదైపోతుంది. మన షాపుకు కావలసింది ఒక్క ఆర్డర్ పేజీ. వివరాలన్నీ నింపితే తప్ప ముందుకు పోని ఫారం. పేరు కొనేవాళ్లే టైపు చేస్తారు కాబట్టి లాస్య లాస్యగానే ఉంటుంది. శనివారానికి పన్నెండు నిండగానే ఆ రోజు మూసుకుపోవాలి. డిసెంబర్ 31న మొత్తంగా మూసేసి, కౌంటర్లో రెడీగా పేర్చిన కేకులే అమ్ముతారు. నింపిన వివరాలు నేరుగా షాపు వాట్సాప్‌కు మెసేజ్‌గా వెళ్లేలా కూడా చేయొచ్చు. అందుకు వాడే లింకు ఇలా ఉంటుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=...
```

ఫొటోలు కావాలా? కావాలి, కానీ ప్రతి ఫొటో కింద బరువు, రేటు, ఎన్ని గంటల ముందు చెప్పాలో ఉండాలి. అవి లేని ఫొటో ఇంకో ఫోన్ కాల్‌ను తెస్తుంది. కదిలే బ్యానర్లు లక్ష్యంలోని ఏ ముక్కకూ పనికిరావు కాబట్టి పోతాయి. "మా గురించి" పేజీ అడుగున రెండు వరుసలకు కుదించుకుంటుంది. రంగు సంగతి చివర్లో, అదీ ఎండలో నిలబడి ఫోన్ చూసేవాళ్లకు అక్షరాలు కనబడుతున్నాయా అన్నది తేలాక.

సైటు మొదలయ్యాక చాలామంది చూసుకునే అంకె, ఎంతమంది వచ్చారన్నది. ఇన్‌స్టాగ్రామ్ రీల్ ఒకటి పేలితే విజయవాడ నుంచి రెండు వేలమంది చూస్తారు. హనుమకొండలో కేకు తీసుకెళ్లేది వాళ్లు కాదు. మూడు నెలలయ్యాక మళ్లీ రెండు వారాల నోటుబుక్కు తీయాలి. కౌంటర్లోని ఆమె పాత అలవాటుగా "చెప్పండమ్మా" అంటూ చీటీ మీదే రాసుకుంటుంటే, సైటు ఎంత బాగున్నా అంకె కదలదు. ఫోన్‌లో వచ్చిన ఆర్డరును కూడా ఆమె అదే ఫారంలో నింపాలి. ఫారం తెరిచి మధ్యలో వదిలేస్తున్నవాళ్లు ఎక్కువైతే, రేటు కనబడకముందే అడ్వాన్స్ అడుగుతున్నామేమో చూడాలి. వివరాలన్నీ పూర్తిగా వస్తూ, ఆర్డర్లు మాత్రం ఇంకా అదే రోజు మధ్యాహ్నం వస్తుంటే తప్పు సైటుది కాదు. రాత్రి 8 దాటినా షాపు అదే రేటుకు ఒప్పుకుంటోందని కొనేవాళ్లకు తెలిసిపోయింది. కాదనడమో, అర్జంటుకు అదనంగా తీసుకోవడమో కౌంటర్లో తేల్చుకోవాల్సిన సంగతి.