పక్కకు తప్పుకునే గ్యాస్

"నాజిల్‌కి ఒక సూత్రం, ఆరిఫిస్ ప్లేటుకి ఇంకో సూత్రం ఎందుకు సార్? గ్యాస్ అదే, పైపు అదే, రెండూ బెజ్జాలేగా!"

ఇన్‌స్ట్రుమెంటేషన్ క్లాసులో ఒకమ్మాయి అడిగింది. పుస్తకంలో నాజిల్ సూత్రం అరపేజీ ఉంటుంది. దాన్ని ఉష్ణగతిశాస్త్రం నుంచి మెట్టు మెట్టుగా రాబట్టవచ్చు. ఆరిఫిస్ సూత్రం ఒక్క వరసే, కానీ అందులోని అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో పుస్తకం చెప్పదు. ప్రయోగాల్లో వచ్చాయని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, ప్రయోగం చేస్తే తప్ప ఆ అంకెలు ఎందుకు దొరకలేదన్నదే అసలు కథ.

ప్లేటు సంగతి తెలిసిందే. రెండు ఫ్లాంజుల మధ్య బిగించిన స్టెయిన్‌లెస్ స్టీలు బిళ్ళ, నడిమధ్యన పదునైన అంచున్న బెజ్జం. బెజ్జం వ్యాసాన్ని పైపు లోపలి వ్యాసంతో భాగిస్తే వచ్చేది బీటా. ప్లేటుకు ముందు ఒక ట్యాపు, వెనక ఒక ట్యాపు. రెండింటి మధ్య పీడనం తేడాను డీపీ ట్రాన్స్‌మిటర్ చదువుతుంది. ఆ తేడాకు వర్గమూలం కడితే ప్రవాహం వస్తుంది:

```
q = C · ε · (π/4)d² · √(2ρΔp) / √(1 − β⁴)
```

ఇందులో ρ ప్లేటుకు ముందున్న సాంద్రత. C ప్రవాహ గుణకం, ఎప్పుడూ 0.6 చుట్టుపక్కలే తిరుగుతుంది. ε విస్తరణ గుణకం. అమెరికా పుస్తకాల్లో దాన్ని Y అని రాస్తారు. నీళ్ళకైతే అది 1, పట్టించుకోనక్కర్లేదు. గ్యాస్‌కైతే 1 కంటే కొంచెం తక్కువ. ఆ కొంచెం గురించే ఈ వ్యాసం.

ముందు ఆ 0.6 ఏమిటో చూడాలి. సినిమా వదిలాక జనం గేటు దగ్గర ఇరుపక్కల నుంచీ తోసుకొస్తారు. గేటు దాటినా ఆ ఊపు ఆగదు, రెండడుగుల అవతల దాకా మధ్యకే ఒత్తుకుంటారు. ప్లేటు ముఖం వెంబడి పక్కల నుంచి వచ్చే ద్రవమూ అంతే, అంచు దాటగానే మలుపు తిరగలేదు. ధార బెజ్జం కంటే సన్నబడి, అవతల కొంత దూరంలో అన్నిటికన్నా ఇరుకవుతుంది. ఆ చోటే వీనా కంట్రాక్టా. వెడల్పు పైపులో చిన్న బెజ్జమైతే అక్కడి ధార వైశాల్యం బెజ్జం వైశాల్యంలో సుమారు 62 శాతం. పొడవాటి సన్నని చీలికకైతే గణితం కచ్చితంగా π/(π+2), అంటే 0.611 అని ఇస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది, ఆ ఇరుకైన చోట గోడ లేదు. నాజిల్‌లో ఇరుకైన చోటును లోహం పట్టుకుని ఉంటుంది. ప్లేటు వెనక ధార తనంతట తానే ఆ వైశాల్యం ఎంచుకుంటుంది. చుట్టూ ఉన్నది మెల్లగా సుళ్ళు తిరిగే గ్యాసే.

ఇప్పుడు ధారలో గ్యాస్ పెడదాం. 4 అంగుళాల పైపు, లోపలి వ్యాసం సుమారు 102 మిల్లీమీటర్లు, బీటా 0.5, అంటే బెజ్జం 51 మిల్లీమీటర్లు. లోపల మీథేన్, 30 డిగ్రీలు, పరమ పీడనం 2 బార్. ట్రాన్స్‌మిటర్ 250 మిల్లీబార్ల తేడా చూపిస్తోంది. ముందు 2 బార్, వెనక 1.75 బార్. పీడనం పడింది కాబట్టి గ్యాస్ ఉబ్బుతుంది. మీథేన్ విశిష్టోష్ణాల నిష్పత్తి κ 1.3 అనుకుంటే సాంద్రత దాదాపు 10 శాతం తగ్గుతుంది.

నాజిల్ అయితే ఏమవుతుంది? గొంతు వైశాల్యం మారదు, అందులో పలచబడిన గ్యాస్ పోతోంది. ఉబ్బడం వల్ల వేగం 2 శాతం పెరిగినా, సాంద్రత నష్టం దాన్ని మింగేస్తుంది. లెక్క కడితే ε = 0.920. నీళ్ళ సూత్రం చెప్పేదానికన్నా 8 శాతం తక్కువ గ్యాస్ వెళ్తోంది.

ప్లేటుకు అదే బీటా, అదే పీడనాలు ఇస్తే ε = 0.964. నష్టం 3.6 శాతం, నాజిల్ నష్టంలో సగం కూడా కాదు. మిగతా నష్టాన్ని ఎవరు పూడ్చారు? ధారే పూడ్చింది. గోడ లేదు కాబట్టి గ్యాస్ ముందుకే కాక పక్కకూ ఉబ్బింది, ధార లావెక్కింది. పైరెండు అంకెల్నీ పోల్చి చూస్తే అదే బెజ్జంలోంచి నీటిధార కన్నా ఈ ధార సుమారు 5 శాతం లావుగా ఉండాలి. పలచబడ్డ గ్యాస్ వెడల్పైన దారిలో పోయింది. నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా నచ్చే విషయం ఇదే. కదిలే భాగమంటూ ఒక్కటీ లేని ఈ బిళ్ళలో, కదిలేది ధార నడుమే.

మాస్కోలో సెర్గేయ్ చాప్లిగిన్ 1902లో గ్యాస్ ధారల మీద రాసిన డాక్టరేట్ గ్రంథం ఈ లావెక్కడాన్ని చీలికకు గణితంగా రాబట్టింది. గాలికి, పీడనం తేడా చిన్నదైతే 0.611 ఉన్న సంకోచం, ధార ధ్వనివేగం చేరేసరికి సుమారు 0.74 అవుతుంది. కానీ పైపు మధ్యలో గుండ్రటి బెజ్జం, దాని ముందు గోడల రాపిడి, వెనక సుళ్ళు, వీటన్నిటితో అలాంటి సొగసైన జవాబు దొరకదు. అందుకే ప్రయోగం చేయాల్సి వచ్చింది.

ఆ పని తేల్చినవాడు అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో ఎడ్గర్ బకింగ్‌హామ్, 1932లో. కొలతల విశ్లేషణలో π సిద్ధాంతంతో ఆయన పేరు ముడిపడి ఉంది, ఆ బకింగ్‌హామే ఈయన. పద్ధతి తేలిక. ఒకే ప్లేటులో గ్యాస్ పంపుతూ Δp/p₁ నిష్పత్తిని మారుస్తూ పోతే, కనిపించే గుణకం దాదాపు సరళరేఖ మీద పడిపోతుంది. ఆ రేఖను సున్నా దాకా పొడిగిస్తే నీటి గుణకం, రేఖ వాలు చూస్తే విస్తరణ. అలా వచ్చిందే:

```
ε = 1 − (0.41 + 0.35β⁴) · Δp / (κ·p₁)
```

దశాబ్దాల పాటు ప్రపంచమంతా ఇదే వాడింది. స్కాట్లాండ్‌లో మైకేల్ రీడర్-హారిస్ 1998లో కొత్త కొలతలతో దీన్ని సరిదిద్దారు, ISO 5167 2003 ప్రచురణ దాన్నే తీసుకుంది. నేను పైన వాడిన 0.964 ఆ సూత్రానిదే. బకింగ్‌హామ్ సూత్రం ఇక్కడ 0.958 ఇస్తుంది. రెండింటికీ తేడా అర శాతం పైచిలుకు, గ్యాస్ అమ్మేవాడికీ కొనేవాడికీ అది చిన్నదేమీ కాదు.

ఇక ట్యాపులు. వీటి మీద పాత తగాదాలున్నాయి. ప్లేటు వెనక పీడనం ఒకేచోట ఒకేలా ఉండదు. వీనా కంట్రాక్టా దగ్గర అట్టడుగుకు పడి, తర్వాత ధార విచ్చుకునే కొద్దీ కొంత కోలుకుంటుంది. మన బీటా 0.5 ప్లేటులో తేడాలో నాలుగోవంతు పైగా తిరిగొస్తుంది, మిగతాది శాశ్వతంగా పోయినట్టే. కాబట్టి ట్యాపు ఎక్కడ పెడితే అక్కడి అంకె వస్తుంది. జర్మనీ వాళ్ళు ప్లేటును ఆనించి మూలలోనే పెట్టారు. పెన్సిల్వేనియా గ్యాస్ పొలాల్లో పనిచేసిన థామస్ వేమౌత్ ప్లేటు ముఖాలకు అటూ ఇటూ ఒక్కొక్క అంగుళం దూరంలో ఫ్లాంజులోనే రంధ్రాలు వేయించాడు. సిద్ధాంతం కన్నా సౌకర్యం ఎక్కువ ఇందులో. పైపుకు రంధ్రం వేయక్కర్లేదు, ఏ పైపు సైజైనా ఫ్లాంజు ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. చమురు, గ్యాస్ రంగంలో ఇవాళ్టికీ గెలిచి నిలిచింది అదే.

కానీ ట్యాపు విషయంలో ఇప్పటికీ జనాన్ని దెబ్బతీసేది దూరం కాదు, స్థిర పీడనం ఏ ట్యాపు నుంచి తీసుకున్నారన్నది. పై సూత్రంలో p₁, ρ రెండూ ప్లేటుకు ముందువి. అమెరికా పద్ధతిలో వెనక ట్యాపు పీడనం వాడేవాళ్ళూ ఉన్నారు, దానికి వేరే గుణకం, Y₂. మన ఉదాహరణలో 0.964ను √(2/1.75)తో గుణిస్తే Y₂ = 1.03. విస్తరణ గుణకం 1 దాటింది! వింతేమీ లేదు, తక్కువ సాంద్రతతో లెక్క మొదలుపెట్టాం కాబట్టి ఎక్కువతో సరిచేశాం. అసలు ప్రమాదం స్థిర పీడనం చదివే ట్రాన్స్‌మిటర్‌ను వెనక ట్యాపుకు కలిపి, ఫ్లో కంప్యూటర్‌లో ముందు ట్యాపని సెట్ చేసినప్పుడు వస్తుంది. మన లైనులో సాంద్రత తగ్గడం వల్లే రీడింగు 6 శాతం పైగా తక్కువ చూపుతుంది. పట్టుకోవడం ఎలా? లెక్కలో తప్పు Δp తో పాటే పెరుగుతుంది. సరైన మీటరు ఇంకొకదానితో పోల్చి చూస్తే, ప్రవాహం తక్కువగా ఉన్నప్పుడు రెండూ కలుస్తాయి, ఎక్కువైనప్పుడు విడిపోతాయి. ప్లేటు అంచు అరిగితే తప్పు అన్ని ప్రవాహాల్లోనూ ఇంచుమించు ఒకే శాతంలో ఉంటుంది. గేజి పీడనాన్ని పరమ పీడనంగా ఇచ్చినా గోలే. అక్కడ 2 బార్ పరమ పీడనమంటే గేజిలో ఒక బార్ మాత్రమే.

సైజింగ్ అంటే చాలామంది బీటా కనుక్కోవడమే అనుకుంటారు. గ్యాస్‌కైతే మొదట చూడాల్సింది Δp/p₁. పాత అమెరికా గ్యాస్ మనుషుల లెక్క ఒకటుంది. నీటి అంగుళాల్లో తేడా, పౌండ్లలో పరమ పీడనాన్ని మించకూడదు. అంటే నిష్పత్తి 0.036 లోపు. మన 2 బార్ లైనులో అది 0.125, మూడున్నర రెట్లు. అదే ప్లేటు 8 బార్ లైనులో అయితే 0.031, అప్పుడు ε 0.991, దాని గురించి ఎవరూ నిద్ర పాడుచేసుకోరు. ISO 2003 సూత్రం p₂/p₁ 0.75 దాకా చెల్లుతుందంటుంది. అది అనుమతి మాత్రమే, అక్కడ కూర్చోమని కాదు.

కాబట్టి 2 బార్ లైనుకు తేడాను పావు వంతుకు, 62.5 మిల్లీబార్లకు దింపుదాం. అదే ప్రవాహానికి β²/√(1−β⁴) రెట్టింపు కావాలి. 0.258 నుంచి 0.516కు, అంటే బీటా 0.677 అవుతుంది, బెజ్జం 69 మిల్లీమీటర్లు. C కూడా బీటాతో కొద్దిగా కదులుతుంది కాబట్టి ఒకటి రెండు సార్లు తిప్పి కట్టాలి. ఇప్పుడు ε 0.989. పాత ప్లేటులో ε మరచిపోయిన లెక్క గంటకు 42 కిలోలు ఎక్కువ చూపేది, రోజుకు ఒక టన్ను. ఇప్పుడు అందులో మూడో వంతు లోపే.

కానీ ఉచితంగా రాలేదు. పెద్ద బీటా ప్లేటు ముందున్న వంపులకు, సుళ్ళకు ఎక్కువ లోబడుతుంది, తిన్నని పైపు ఎక్కువ పొడవు కావాలి. పైగా ప్రవాహం పావు వంతుకు పడితే తేడా పదహారో వంతు. మునుపు సుమారు 16 మిల్లీబార్లు మిగిలేవి, ఇప్పుడు 4 మిల్లీబార్లే. ఇంపల్స్ లైనులో కాస్త తేమ చేరినా అది మింగేస్తుంది. అందుకే నేను విద్యార్థులకు కనీస ప్రవాహాన్ని ముందు రాసుకోమంటాను, గరిష్ఠం తర్వాత. ఆ లైనులో రాత్రిపూట ప్రవాహం పావు వంతుకు పడేదైతే, నేనైతే బీటా 0.6 దగ్గరే ఆగి, విస్తరణ గుణకాన్ని ఫ్లో కంప్యూటర్‌కు ప్రతి క్షణం లెక్కించే పనిగా అప్పగిస్తాను.