పేరు పక్కన టిక్ ఉంది, మరి జాబ్ నిజమేనా?

ఈ ఎపిసోడ్ నేను ముందే అనుకుని చేసింది కాదు. పోయిన నెల ఒక రాత్రి ఆళ్లగడ్డ నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఒక చిన్న డౌట్" అన్నాడు. వాడు చిన్న డౌట్ అన్నాడంటే అప్పటికే పెద్ద పని ఏదో చేసేసి ఉంటాడు. నాకు తెలుసు.

వాడు బీటెక్ అయ్యి రెండేళ్లు. ఒక జాబ్ యాప్‌లో, పేరు చెప్పను, ఒక హెచ్‌ఆర్ మెసేజ్ పెట్టింది. బెంగళూరు ఐటీ కంపెనీ, వర్క్ ఫ్రమ్ హోమ్. అక్కడి నుంచి మాటలు వాట్సాప్‌లోకి వెళ్లాయి. డాక్యుమెంట్ వెరిఫికేషన్ అని 2,500 రూపాయలు అడిగితే వీడు పంపేశాడు. ఇప్పుడు లాప్‌టాప్ డిపాజిట్ అని ఇంకో 6,500 అడుగుతున్నారు. మా చిన్నాన్న ఆళ్లగడ్డలో రాతి శిల్పాల పని చేస్తాడు, ఆ డబ్బు ఆయన్నే అడగాలి. అందుకే నాకు ఫోన్.

"ఫ్రెషర్ దగ్గర డబ్బులు తీసుకునే కంపెనీ యాడన్నా ఉంటాదా రా?" అన్నా. వాడు వెంటనే, "లేదన్నా, ఆమె వెరిఫైడ్. పేరు పక్కన టిక్ ఉంది, గవర్నమెంట్ ఐడీతో అయింది" అన్నాడు.

చూడండి, వాడు అబద్ధం చెప్పట్లేదు. టిక్ నిజంగానే ఉంది. ఆదివారం నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లి, వాడి ఫోన్ తీసుకుని, ఆ టిక్ మీద వేలు పెట్టి నొక్కాను. ఈ పని వాడు ఒక్కసారి కూడా చేయలేదు. మనలో చాలామంది చేయం. టిక్‌ని చూస్తాం కానీ నొక్కం.

నొక్కితే ఏం వచ్చిందో చెప్పే ముందు ఆ టిక్ ఎలా వస్తుందో చెప్తా. లింక్డ్‌ఇన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ 2023 నుంచి ఈ వెరిఫికేషన్లు ఉన్నాయి. మన దేశంలో ఐడీ వెరిఫికేషన్ హైపర్‌వర్జ్ అనే కంపెనీ ద్వారా, డిజిలాకర్‌తో నడుస్తుంది. ఆధార్ నంబర్ కొడితే, ఆధార్‌కి లింక్ అయిన మొబైల్‌కి ఓటీపీ వస్తుంది. తర్వాత ఏ వివరాలు ఇస్తున్నారో చూపించి పర్మిషన్ అడుగుతారు. మీరు ఓకే అంటే ఆధార్‌లో ఉన్న పేరు, ప్రొఫైల్‌లో ఉన్న పేరు ఒకటేనా అని చూస్తారు. కలిస్తే టిక్.

ఈ మొత్తం ప్రాసెస్‌లో ఉద్యోగం గురించి ఎక్కడైనా అడిగారా? డిగ్రీ గురించి? ఏ కంపెనీలో పని చేస్తున్నారని? లేదు. ఆ టిక్‌కి అర్థం ఒక్కటే: ఈ పేరుతో ఒక మనిషి ఉన్నాడు, అతని ఆధార్ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ ఎవరో కొట్టారు. ఆ కొట్టింది అతనే అని కూడా వంద శాతం చెప్పలేం. బ్యాంక్ అకౌంట్లు అద్దెకి ఇచ్చేవాళ్లు ఉన్నప్పుడు ప్రొఫైల్ అద్దెకి ఇవ్వరా?

ఆఫీస్ వెరిఫికేషన్ వేరే. కంపెనీ ఇచ్చిన మెయిల్ ఐడీకి ఒక కోడ్ పంపుతారు, ఆ కోడ్ కొట్టాలి. జీమెయిల్‌తో కుదరదు, కంపెనీ సొంత డొమైన్ మీదే ఉండాలి. అంటే కోడ్ వచ్చిన రోజున ఆ మనిషి చేతిలో ఆ కంపెనీ ఇన్‌బాక్స్ ఉందన్న మాట. ఆ తర్వాత ఉద్యోగం మానేసి ఉండొచ్చు, అది వేరే సంగతి. కానీ "నేను ఫలానా కంపెనీ హెచ్‌ఆర్‌ని" అన్న మాటకి దగ్గరగా వచ్చే రుజువు ఇదే. ఆధార్ టిక్ ఆ మాట జోలికే పోదు.

ఇప్పుడు మావాడి ఫోన్‌కి వద్దాం. నొక్కితే ఐడెంటిటీ వెరిఫైడ్ అని ఉంది. వర్క్‌ప్లేస్ దగ్గర ఏమీ లేదు. పది వేల మంది పనిచేసే కంపెనీ అని చెప్పుకునే హెచ్‌ఆర్‌కి కంపెనీ మెయిల్ లేదా? అకౌంట్ తెరిచి కూడా నాలుగు నెలలే. లింక్డ్‌ఇన్‌లో అయితే ఇలాంటి వివరాలు ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కితే About this profile అని వచ్చే చోట ఉంటాయి. ఎప్పుడు చేరారు, ఫోటో, కాంటాక్ట్ వివరాలు ఎప్పుడు మార్చారు అన్నీ అక్కడ కనిపిస్తాయి. నన్నడిగితే టిక్ కంటే ఆ పేజీయే ఎక్కువ చెప్తుంది. పదేళ్ల రిక్రూటర్ అనుభవం, నాలుగు నెలల అకౌంట్. ఈ రెండూ కలవాలి కదా?

తర్వాత యూపీఐ హిస్టరీ తీయమన్నా. 2025 జూన్ 30 నుంచి ఎన్‌పీసీఐ రూల్ ఒకటి ఉంది. డబ్బు పంపే ముందు యాప్‌లో కనిపించే పేరు అవతలివాళ్లు పెట్టుకున్నది కాదు, బ్యాంక్ రికార్డుల్లో ఉన్నదే చూపించాలి. మావాడి స్క్రీన్ మీద ఒక మగ మనిషి పేరు ఉంది. టిక్ ఉన్నది ఒక అమ్మాయి పేరు పక్కన. కంపెనీ పేరు రెండిట్లోనూ లేదు. అంటే వాడి కళ్ల ముందు రెండు వెరిఫైడ్ పేర్లు వచ్చాయి, రెండూ నిజమైనవే, రెండూ వేర్వేరు. వాడు మొదటిది నమ్మాడు, రెండోది చదవలేదు.

"అకౌంట్స్ వాళ్లది అన్నారన్నా" అన్నాడు మెల్లగా. సరే, కంపెనీ మెయిల్ నుంచి ఆఫర్ లెటర్ పంపమను అన్నా. వాడు మెసేజ్ పెట్టాడు. ఇరవై నిమిషాలకి మెయిల్ వచ్చింది, కంపెనీ పేరుతోనే. కానీ పంపినవాళ్ల పేరు కింద చిన్న బాణం నొక్కితే అసలు అడ్రస్ బయటపడింది. కంపెనీ వెబ్‌సైట్ example.com అనుకోండి, మెయిల్ వచ్చింది example-careers.in లాంటి చోటు నుంచి. అలాంటి డొమైన్ ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇంక మాట్లాడటానికి ఏమీ లేదు. అక్కడే కూర్చుని 1930కి కాల్ చేసి కంప్లైంట్ ఇచ్చాం.

టిక్ అనగానే మనకి "పెద్దమనిషి" అని అనిపిస్తుంది. ఆ అలవాటు పాత ట్విట్టర్ నుంచి వచ్చింది. అప్పట్లో ఫేమస్ అయినవాళ్లకి, సంస్థలకి చూసి ఇచ్చేవాళ్లు. 2022 నవంబర్‌లో నెలకి 8 డాలర్లు కడితే చాలు అన్నారు. కొన్ని రోజుల్లోనే ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ పేరుతో ఎవరో అకౌంట్ తెరిచి, టిక్ కొనుక్కుని, ఇన్సులిన్ ఇక ఫ్రీ అని ట్వీట్ వేశారు. అసలు కంపెనీ బయటికొచ్చి క్షమించండి, అది మేం కాదు అని చెప్పుకోవాల్సి వచ్చింది. టిక్ బొమ్మ మారలేదు, దాని వెనక ఉన్న చెకింగ్ మారింది. అందుకే ఏ టిక్ కనిపించినా నేను అడిగేది ఒకటే: ఇక్కడ చెక్ చేసింది దేన్ని?

సరే అన్నా, అది వాళ్ల టిక్. జాబ్ వెతుక్కునే మేం పెట్టుకోవాలా వద్దా? మావాడు కూడా ఇదే అడిగాడు.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఫ్రెషర్స్ రెజ్యూమెలు చూసే పని రెండేళ్లు చేశా. నిజం చెప్తున్నా, ఐడీ టిక్ ఉందని ఒక్కరినీ షార్ట్‌లిస్ట్ చేయలేదు, లేదని ఒక్కరినీ పక్కన పెట్టలేదు. ప్రాజెక్ట్ చూస్తాం, కోడ్ చూస్తాం. డిగ్రీ, పాత ఉద్యోగం, పీఎఫ్ వివరాలు ఆఫర్ టైంలో బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసేవాళ్లు వేరేగా చూసుకుంటారు. మీ టిక్ చూసి ఆ చెక్ ఎవరూ మానేయరు. వెరిఫైడ్ ప్రొఫైల్స్‌ని ఎక్కువ మంది చూస్తారని లింక్డ్‌ఇన్ చెప్తుంది. అయ్యుండొచ్చు. కానీ ఓపిగ్గా వెరిఫై చేసుకునేవాడు ప్రొఫైల్‌లో మిగతావి కూడా ఓపిగ్గా నింపుతాడు కదా. వ్యూస్ దేనివల్ల వచ్చాయో ఎవరు చెప్తారు?

మేం మనుషుల్ని పోగొట్టుకున్నది ఇంకోచోట: ఫోన్ కలవక. బాగున్నాడు, పిలుద్దాం అనుకుంటే స్విచాఫ్. లేదంటే వేరే ఎవరో ఎత్తి రాంగ్ నంబర్ అంటారు. కాలేజీలో తీసుకున్న సిమ్‌కి రీచార్జ్ ఆపేస్తారు, అది డీయాక్టివేట్ అవుతుంది, 90 రోజుల తర్వాత ఆ నంబర్ కంపెనీ వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు. మీ ప్రొఫైల్‌లో మాత్రం నంబర్ పక్కన "వెరిఫైడ్" అనే ఉంటుంది. ఆ ఓటీపీ ఎప్పుడో మూడేళ్ల కింద వచ్చింది మరి! కాంటాక్ట్ వెరిఫికేషన్‌లో ఉన్న లోపం ఇదే, దానికి తేదీ ఉంటుంది కానీ ఆ తేదీ ఎవరికీ కనపడదు. మావాడి జాబ్ పోర్టల్ తెరిస్తే అదే కథ. అందులో ఉన్నది వాడు ఎప్పుడో పారేసిన సిమ్. ఎన్ని కాల్స్ పోయాయో ఆ దేవుడికే తెలియాలి.

కాబట్టి నా లెక్క ఇది. ముందు అన్ని చోట్లా ఇప్పుడు జేబులో ఉన్న నంబర్, రోజూ చూసే మెయిల్ పెట్టి మళ్లీ ఓటీపీ కొట్టండి. ఇది తప్పనిసరి. ఐడీ టిక్ ఫ్రీగా వస్తుంటే పెట్టుకోండి, పది నిమిషాల పని. మీరు ముందుగా ఎవరికైనా మెసేజ్ పెట్టినప్పుడు, లేదా మీ ఫోటోతో ఎవరైనా దొంగ ప్రొఫైల్ తెరిచినప్పుడు పనికొస్తుంది. ఆధార్ వివరాలు ఇవ్వడం ఇష్టం లేదా? వదిలేయండి, దానివల్ల ఉద్యోగం పోదు. నెల నెలా డబ్బు కట్టి కొనుక్కునే టిక్ మాత్రం ఉద్యోగం కోసం అయితే వద్దు. ఏదైనా చిన్న ఉద్యోగమో ఇంటర్న్‌షిప్పో చేస్తూ కంపెనీ మెయిల్ ఉంటే, మానేసే లోపు ఆఫీస్ వెరిఫికేషన్ చేసుకోండి. తర్వాత ఆ ఇన్‌బాక్స్ ఉండదు.

ఐడీ టిక్ దగ్గర మనవాళ్లకి వచ్చే తలనొప్పి పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమై చివర్లో ఉంటుంది. ప్రొఫైల్‌లో ఇంటిపేరే ఉండదు, స్టైల్‌గా ఉండదని తీసేస్తాం. మావాడిది మొదటిసారి ఫెయిల్ అయింది ఇందుకే. ప్రొఫైల్‌లో పేరు ఆధార్‌లో ఉన్నట్టు మార్చాక అయింది. ఆధార్‌కీ సర్టిఫికెట్లకీ తేడా ఉంటే ఇప్పుడే సరి చేయించుకోండి, ఎందుకంటే రేపు బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో అడిగేది కూడా దీన్నే.

2,500 ఇంకా తిరిగి రాలేదు, కంప్లైంట్ నంబర్ మాత్రం ఉంది. కొత్త నంబర్ పెట్టిన రెండో వారంలో మావాడికి హైదరాబాద్ నుంచి ఒక కాల్ వచ్చింది. వాడు ఎత్తగానే అడిగిన మొదటి మాట, "సార్, మీ ఆఫీస్ మెయిల్ నుంచి ఒక మెయిల్ పెడతారా?" పెట్టారంట. ఇంటర్వ్యూ వచ్చే బుధవారం.