గుడి పాటకు బాణీ కట్టిస్తే హక్కు ఎవరిది?

శ్రీరామనవమికి తమ రామాలయానికో కొత్త పాట ఉండాలని ఒక ఊరి భక్త బృందం తలచిందనుకుందాం. సాహిత్యం సిద్ధం. బాణీ కోసం స్వరకర్తకు కమిటీ ఉత్తరం రాస్తుంది. స్వామివారి పాటకు లెక్కలేమిటని మొహమాటపడితే తర్వాత పేచీ తప్పదు.

పారితోషికం 60 వేలనుకుంటే, అది బాణీకి మాత్రమేనా, గాయకులు, వాద్యకారులు, స్టూడియో ఖర్చు కూడా అందులోనేనా అన్నది స్పష్టంగా రాయాలి. 20 వేలు అడ్వాన్సుగా, 20 వేలు నమూనా బాణీ ఖాయమయ్యాక, మిగతాది రికార్డింగు చేతికందాక అని విడగొడితే ఇద్దరికీ నిశ్చింత. మార్పులు ఎన్నిసార్లు అడగొచ్చో కూడా అక్కడే తేల్చుకోవాలి.

చిక్కంతా హక్కుల దగ్గరే.

డబ్బిచ్చాం కాబట్టి బాణీ మాదేనని కమిటీలు అనుకుంటాయి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం మాత్రం, ఉద్యోగిగా కాకుండా సొంతంగా పనిచేసే స్వరకర్తే మామూలుగా బాణీకి తొలి హక్కుదారు. ఆ హక్కు కమిటీకి దక్కాలంటే ఆయన సంతకం చేసిన పత్రం ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే బదిలీ 5 ఏళ్లకే చెల్లుతుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. పాటను అమెరికాలోని ఊరివాళ్లు కూడా వాడుకోవాలనుకుంటే "ప్రపంచమంతటా" అన్న మాట పడాల్సిందే. హక్కు బదిలీ అయినా స్వరకర్త పేరు వేయడం మానకూడదు.

గడువును పండుగ నుంచి వెనక్కి లెక్కించాలి. భజన బృందం సాధనకు రెండు వారాలు కావాలంటే, రికార్డింగు నవమికి అంతకుముందే చేతికి రావాలి. ఆలస్యమైతే చివరి వాయిదా సొమ్ము ఏమవుతుందో కూడా ఉత్తరంలోనే ఉండాలి.