మడిలో దిగకుండానే మందు

డ్రోన్‌తో మందు కొట్టే సేవకు ప్రకటన రాసేవాళ్లు చాలామంది 'అత్యాధునిక సాంకేతికత' అని మొదలుపెడతారు. అరెకరం వరి వేసిన రైతుకు దాంతో పనేముంది? 'మడిలో దిగకుండానే మందు' అంటే చటుక్కున అర్థమవుతుంది. వీపున పంపు మోస్తూ, మోకాలి లోతు బురదలో, మందు తుంపరలు మీద పడుతుండగా నడిచే బాధ అతనికి తెలుసు.

ఆ కింద నాలుగు మాటలు చాలు: 'పది లీటర్ల ట్యాంకు, ఎకరానికి సుమారు పది నిమిషాలు. మందు మీదే, పిచికారీ మాది. అరెకరమైనా వస్తాం, పక్క మళ్లవాళ్లతో కలిసి ఒకే రోజు పిలవండి.' అసలు కీలకం చివరి మాటే. చిన్న కమతం కోసం బండి, బ్యాటరీలు, పైలట్‌ను తీసుకొస్తే నిర్వాహకుడికి గిట్టదు. నలుగురు కలిస్తే గిడుతుంది.

చెప్పకుండా దాచకూడనిదీ ఒకటుంది. సుడిదోమ దుబ్బు మొదట్లో ఉంటుంది. పైరు గుబురుగా ఉంటే పైనుంచి పడిన మందు అక్కడికి సరిగా చేరదు. నాట్లప్పుడే కాలిబాటలు వదిలిన పొలంలో మేలు. గాలి ఎక్కువగా ఉంటే మందు పక్క చేల మీద పడుతుంది, కాబట్టి ఆ రోజు పని వాయిదా వేస్తామని కరపత్రంలోనే రాయాలి.