అడుగు ఎంత వేయాలో లెక్కే చెబుతుంది

భూమి, చంద్రుడు రెండూ తమ వైపు లాగుతుంటే మధ్యలో ఇంధనం వాడకుండా తిరిగే ఒక చిన్న వ్యోమనౌక దారి ఎలా ఉంటుంది? 1960ల మొదట్లో అమెరికాలోని హంట్స్‌విల్‌లో, నాసా మార్షల్ కేంద్రంలో పనిచేసిన రిచర్డ్ ఆరెన్‌స్టార్ఫ్ ఈ ప్రశ్న మీద కూర్చున్నాడు. భూమికీ చంద్రుడికీ సాపేక్షంగా చూస్తే, బయల్దేరిన చోటికే తిరిగొచ్చి మళ్లీ అదే దారి పట్టే కక్ష్యలు ఉన్నాయని చూపించాడు. వాటిలో ఒకటి సంఖ్యాత్మక గణిత పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. ఆ కక్ష్యలో నౌక చంద్రుడి కేంద్రానికి సుమారు 2,400 కిలోమీటర్ల దూరంలో, సెకనుకు 2 కిలోమీటర్ల వేగంతో మొదలవుతుంది. భూమి వైపు వచ్చి, మెలికలు తిరిగి, దాదాపు 74 రోజులకు మొదటి చోటికి చేరుతుంది.

ఈ దారిని ఒక సూత్రంలో రాసిపెట్టలేం. మన చేతిలో ఉండేది అవకలన సమీకరణం మాత్రమే. నౌక ఫలానా చోట, ఫలానా వేగంతో ఉంటే ఆ క్షణంలో దాని వేగం ఎటు, ఎంత మారుతోందో అది చెబుతుంది. కాబట్టి కంప్యూటర్ కొద్ది కాలం ముందుకు జరిపి, కొత్త చోట మళ్లీ సమీకరణాన్ని అడిగి, ఇంకొంచెం జరుపుతూ పోవాలి. ఒక్కో జరుపునీ ఒక అడుగు అంటారు. ప్రతి అడుగులో నాలుగుసార్లు సమీకరణాన్ని అడిగి సగటు తీసే రుంగే-కుట్టా నాలుగో తరగతి పద్ధతి ఇంజినీరింగ్ విద్యార్థులందరికీ తెలిసిందే.

అడుగులన్నీ సమానంగా పెట్టుకుని ఆ పద్ధతిని ఈ కక్ష్య మీద ప్రయోగిస్తే చిక్కు బయటపడుతుంది. 74 రోజుల్ని 6,000 సమాన అడుగులుగా కోసినా నౌక మొదటి చోటికి రాదు, దారి తప్పుతుంది. కారణం కాగితం మీదే తేలుతుంది. ఒక్కో అడుగు దాదాపు 18 నిమిషాలు. సెకనుకు 2 కిలోమీటర్ల వేగంతో 18 నిమిషాల్లో నౌక 2,100 కిలోమీటర్లకు పైగా పోతుంది. చంద్రుడి కేంద్రమే 2,400 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒక్క అడుగులో ఆకర్షణ దిశా బలమూ పూర్తిగా మారిపోతున్నాయన్నమాట. అదే నౌక భూమికీ చంద్రుడికీ దూరంగా, ఖాళీలో తేలుతున్నప్పుడు 18 నిమిషాల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ ఉండదు. అక్కడ గంటల తరబడి అడుగు వేసినా నష్టం లేదు. అడుగు పొడవును చోటును బట్టి మార్చుకునే పద్ధతులు ఇదే కక్ష్యను వంద లోపు అడుగుల్లో పూర్తి చేస్తాయి.

మరి ఎక్కడ చిన్న అడుగు వేయాలో కంప్యూటర్‌కు ఎవరు చెబుతారు? దానికి చంద్రుడి గురించి తెలియదు. అసలైన జవాబు ఏమిటో అంతకన్నా తెలియదు. తెలిస్తే లెక్క చేయాల్సిన పనే లేదు కదా! తెలియని జవాబుతో పోల్చి తప్పును కొలవడం కుదరదు కాబట్టి, ఒకే అడుగుకు రెండు జవాబులు కట్టి వాటి మధ్య తేడా చూడాలి.

ఇది పాత ఆలోచనే. ఒకే అడుగును ఒకసారి మొత్తంగా, ఇంకోసారి రెండు సగాలుగా వేసి పోల్చేవారు. కాకపోతే ఖర్చు ఎక్కువ. మొదటి ప్రశ్న ఉమ్మడిగా పోగా, ఒక జత అడుగులకు సమీకరణాన్ని 11 సార్లు అడగాలి. కక్ష్య లెక్కల్లో అసలు సమయమంతా ఆ అడగడంలోనే పోతుంది. అదే మార్షల్ కేంద్రంలో పనిచేసిన జర్మన్ గణితవేత్త ఎర్విన్ ఫెల్‌బర్గ్ 1969లో నాసా నివేదికగా ఇచ్చిన సూత్రాలు ఈ ఖర్చును ఆరుకు దించాయి. అడుగులో ఆరు చోట్ల సమీకరణాన్ని అడుగుతారు: మొదట్లో, పావు దగ్గర, మూడు ఎనిమిదో వంతుల దగ్గర, పన్నెండు పదమూడో వంతుల దగ్గర, చివర్లో, సగం దగ్గర. మొదటి ఐదు సమాధానాలను ఒక రకంగా కలిపితే నాలుగో తరగతి జవాబు వస్తుంది. ఆరోదాన్ని కూడా చేర్చి ఇంకో రకంగా కలిపితే ఐదో తరగతి జవాబు వస్తుంది. నాలుగో తరగతి లెక్క ఐదో తరగతి లెక్కలోనే ఇమిడి ఉంది. తప్పు అంచనా కోసం అదనంగా అడిగింది ఒక్కసారే.

ఫెల్‌బర్గ్ నివేదికలో ఉదాహరణలు వేడి ప్రసారానికి సంబంధించినవి. మనమూ వేడితోనే ఒక అడుగు వేసి చూద్దాం. పొయ్యి మీద నుంచి దించిన పాలకూ గదికీ ఉన్న వేడి తేడాను y అనుకుందాం. అది తన పరిమాణానికి తగ్గ వేగంతో తగ్గుతుంది. కాలాన్ని గంటల్లో కొలిచి, సమీకరణం y' = -y అనీ, మొదట్లో y విలువ 1 అనీ పెట్టుకుందాం. ఈ లెక్కకు అసలు జవాబు మనకు తెలుసు కాబట్టే దీన్ని ఎంచుకున్నాను. పద్ధతి వేసిన అంచనా ఎంతవరకు నిజమో పక్కనే సరిచూడొచ్చు. అడుగుకు 0.000001 మించి తప్పు ఉండకూడదని షరతు పెడదాం.

మొదటి అడుగు అరగంట, అంటే 0.5. నాలుగో తరగతి జవాబు 0.6064704. ఐదో తరగతి జవాబు 0.6065179. తేడా 0.0000476. అసలు జవాబు 0.6065307 కాబట్టి నాలుగో తరగతి జవాబులో నిజమైన తప్పు 0.0000603. అంచనా కాస్త తక్కువే చెప్పింది గానీ తప్పు ఏ స్థాయిలో ఉందో సరిగ్గానే పట్టుకుంది. షరతు కన్నా దాదాపు 48 రెట్లు ఎక్కువ కాబట్టి ఈ అడుగు చెల్లదు. వచ్చిన జవాబును పక్కన పడేసి, మొదటి చోటికే తిరిగి వెళ్లి చిన్న అడుగు వేయాలి.

ఎంత చిన్నది? నాలుగో తరగతి పద్ధతిలో ఒక అడుగుకు వచ్చే తప్పు అడుగు పొడవుకు ఐదో ఘాతం లెక్కన మారుతుంది. అడుగును సగం చేస్తే తప్పు 32వ వంతుకు పడిపోతుంది. దీన్నే తిరగేస్తే కొత్త అడుగు సూత్రం వస్తుంది:

```
h_new = 0.9 * h * (tol / err)**(1/5)
```

ఇక్కడ `err` మన అంచనా, `tol` మన షరతు. ముందున్న 0.9 జాగ్రత్త కోసం పెట్టింది. సరిగ్గా అంచు మీద అడుగు వేస్తే సగం సార్లు తిరస్కరణే ఎదురవుతుంది, తిరస్కరించిన ప్రతిసారీ చేసిన పని వృథా. అందుకే కాస్త వెనక్కి తగ్గడం లాభం. మన అంకెలు వేస్తే కొత్త అడుగు 0.208, అంటే పన్నెండున్నర నిమిషాలు. ఆ అడుగుతో మళ్లీ లెక్కిస్తే అంచనా 0.00000054, నిజమైన తప్పు 0.00000061. షరతు లోపలే ఉంది, అడుగు చెల్లుతుంది. అదే సూత్రం తర్వాతి అడుగు 0.212 వేయమంటుంది. పాలు చల్లారే కొద్దీ మార్పు మందగిస్తుంది, అడుగులు క్రమంగా పెరుగుతాయి. ఒక్కసారిగా ఐదు రెట్లో పది రెట్లో మించి పెరగకుండా ప్రోగ్రాములు ఒక కట్టడి కూడా పెడతాయి.

చేతిలో రెండు జవాబులున్నప్పుడు ఏది తీసుకుని ముందుకు పోవాలన్న ప్రశ్న ఒకటుంది. తప్పు ఎంతో లెక్కగట్టింది నాలుగో తరగతి జవాబుకే కాబట్టి ఫెల్‌బర్గ్ దాన్నే తీసుకున్నాడు. 1980లో డార్మండ్, ప్రిన్స్ ఇచ్చిన సూత్రాలు ఐదో తరగతి జవాబుతో ముందుకు వెళ్లేలా తయారయ్యాయి. మాట్‌ల్యాబ్‌లోని `ode45`, సైపైలోని `RK45` వాళ్ల సూత్రాలనే వాడతాయి. నాకు రెండో దారే సబబు అనిపిస్తుంది. మెరుగైన జవాబు చేతిలో ఉండగా దాన్ని పారేయడం దేనికి?

అయితే ఈ రెండు జవాబుల సాక్ష్యానికి ఒక లోటు ఉంది. ఒకే బిల్లుల కట్ట ఇద్దరు గుమాస్తాలకిచ్చి లెక్క కట్టించినట్టే ఇది. కట్టలో లేని బిల్లు ఇద్దరికీ కనిపించదు. పాలు గది వేడికి దాదాపు వచ్చేశాక అడుగు గంటల్లోకి పెరుగుతుంది. పదో గంట దాటాక హీటర్ ఒక్క నిమిషం వెలిగిందనుకోండి. రెండు గంటల అడుగులో అడిగే ఆరు చోట్లలో ఒక్కటీ ఆ నిమిషం మీద పడకపోతే రెండు జవాబులూ చక్కగా ఏకీభవిస్తాయి, తేడా సున్నాకు దగ్గరగా వస్తుంది, హీటర్ అసలు వెలగనట్టే లెక్క ముగుస్తుంది. ఏ హెచ్చరికా రాదు. హీటర్ ఎప్పుడు వెలుగుతుందో ముందే తెలిస్తే లెక్కను ఆ క్షణం దగ్గర ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. తెలియకపోతే `max_step` తో అడుగు పొడవుకు పైహద్దు పెట్టాలి.

దీనికి ఉల్టా చిక్కు ఇంకొకటి. ఒక ఇనుప కడ్డీని సన్నటి ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్క వేడినీ లెక్కిస్తున్నాం అనుకోండి. ఎగుడుదిగుళ్లు తొందరగా సర్దుకుపోయి వేడి నున్నగా, మెల్లగా మారుతుంటుంది. అడుగులు పెరగాలి కదా, పెరగవు. పక్కపక్క ముక్కల మధ్య వేడి చాలా వేగంగా సర్దుకోగలదు. ఆ వేగానికి మించి అడుగు వేస్తే ఈ జాతి పద్ధతుల్లో అంకెలు అదుపు తప్పి పెరిగిపోతాయి. సర్దుకునే రేటు 1000 అయితే అడుగు సుమారు 0.003 దాటకూడదు. నియంత్రణ యంత్రాంగం ప్రతిసారీ ఆ హద్దు దాకా వెళ్లడం, తిరస్కరణ తినడం, వెనక్కి రావడం, ఇదే తంతు. ముక్కల సంఖ్య రెట్టింపు చేస్తే ఆ హద్దు నాలుగో వంతుకు పడిపోతుంది. జవాబు నున్నగా ఉన్నా అడుగులు చిన్నగానే ఉండిపోయి తిరస్కరణలు పెరుగుతుంటే రోగం ఇదేనని గుర్తుపట్టాలి. షరతును సడలించినా ఫలితం ఉండదు. ఇలాంటి మొండి సమీకరణాల కోసమే చేసిన `Radau`, `BDF` లాంటి పద్ధతులకు మారాల్సిందే.

ఇక చాలామంది పొరబడే విషయం. షరతు ఒక్కో అడుగులో వచ్చే తప్పుకు మాత్రమే. మొత్తం దారి చివర ఎంత తప్పు మిగిలిందో అది చెప్పదు. చల్లారే పాలలో పాత తప్పులు కూడా చల్లారిపోతాయి కాబట్టి ఇబ్బంది లేదు. ఆరెన్‌స్టార్ఫ్ కక్ష్యలో అలా కాదు. చంద్రుడి పక్కన జరిగిన చిన్న తప్పు దూరం పోయే కొద్దీ పెరుగుతుంది. షరతు సడలుగా ఉంటే ప్రతి అడుగూ చెల్లుతుంది గానీ నౌక మాత్రం తిరిగిరాదు.

సైపైలో ఏమీ చెప్పకపోతే `rtol` విలువ 1e-3, అంటే ఒక్కో అడుగుకు జవాబులో వెయ్యో వంతు తప్పు దాకా ఒప్పుకుంటుంది. గ్రాఫు గీసుకోవడానికి అది చాలు, కక్ష్యకు చాలదు. మీ లెక్కను ఒకసారి ఆ విలువతో, ఇంకోసారి 1e-6తో, `atol` ను కూడా అదే పాళ్లలో తగ్గించి నడపండి. చివరి జవాబులో రెండు సార్లూ మారకుండా నిలిచిన అంకెల వరకే నమ్మండి.