మీకు తెలుసా? బీము బరువును లోపలి తీగే ఎత్తి పట్టుకుంటుంది!

ఇరవై మీటర్ల కాంక్రీటు బీము. కింద మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. పైన స్లాబు పలకలు పరిచేశారు. అయినా నడుము దగ్గర బీము వంగలేదు. కారణం కాంక్రీటు గట్టితనం ఒక్కటే కాదు. లోపల ఉయ్యాలలా వేలాడుతున్న ఉక్కు కేబుల్ బీమును కింది నుంచి పైకి నెడుతోంది.

పెరట్లో వేలాడే బట్టల దండేన్ని గట్టిగా లాగి కట్టండి. తాడు తిన్నగా సాగబోతూ బట్టల్ని కూడా పైకి లేపుతుంది. ప్రీస్ట్రెస్డ్ బీములో జరిగేదీ ఇదే. చివర్లలో బీము లోతుకు సరిగ్గా సగం ఎత్తులో మొదలై, మధ్యకు వచ్చేసరికి అడుగుకు దగ్గరగా దిగే వంపులో, డక్టు అనే గొట్టంలో కేబుల్‌ను పెడతారు. కాంక్రీటు గట్టిపడ్డాక హైడ్రాలిక్ జాక్‌తో లాగి, చివర యాంకరేజ్‌లో చీలలతో బిగిస్తారు. కేబుల్ తిన్నగా కావాలని చూస్తుంది, కాంక్రీటు అడ్డుపడుతుంది. దాంతో వంపు పొడవునా పైకి తోపు పుడుతుంది. ఆ వంపు పారాబోలా అయితే తోపు మీటరు మీటరుకూ ఒకేలా ఉంటుంది. బీము సొంత బరువు కూడా మీటరు మీటరుకూ ఒకేలా ఉంటుంది కదా! ఈ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి లెక్క వేయొచ్చని బర్క్‌లీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన టి.వై. లిన్ 1963లో అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ పత్రికలో రాశారు. దాని పేరే లోడ్ బ్యాలెన్సింగ్. అంతకు ముందు ఇంజినీర్లు ఒత్తిళ్లన్నీ విడివిడిగా కూడుకుంటూ వచ్చేవారు. లిన్ పద్ధతిలో ఒక చిన్న సూత్రం చాలు:

P = wL²/8e

ఇందులో P కేబుల్ లాగుడు, w మీటరుకు బరువు, L బీము పొడవు, e కేబుల్ మధ్యలో ఎంత దిగిందో ఆ లోతు.

మన బీముకే లెక్క వేద్దాం. వెడల్పు 40 సెం.మీ., లోతు 1.2 మీటర్లు. సొంత బరువు మీటరుకు 1.2 టన్నులు. పైన పరిచే రెడీమేడ్ పలకలు మరో 0.8 టన్ను. మొత్తం 2 టన్నులు. కేబుల్ మధ్యలో అర మీటరు దిగుతుందనుకుంటే, 2 ని 20 వర్గంతో గుణించి, 8 × 0.5 తో భాగిస్తే 200 టన్నులు. ఒక్కో 12.7 మి.మీ. స్ట్రాండ్ చివరికి 10 టన్నులు నిలబెట్టుకుంటుందని తీసుకుంటే 20 స్ట్రాండ్లు కావాలి. పక్కపక్కనే రెండు కేబుళ్లు, ఒక్కో దానిలో పది. అలా లాగితే ఈ బరువు కింద బీము వంగనూ వంగదు, పైకి ఉబ్బనూ ఉబ్బదు. కేబుల్ లేకుండా, పగుళ్లు కూడా రాకుండా ఉంటే మధ్యలో దాదాపు 23 మి.మీ. దిగేది. ఏళ్ల తరబడి బరువు మోస్తూ కాంక్రీటు మెల్లగా సాగే గుణం, అంటే క్రీప్, ఆ దిగుడును రెండు మూడు రెట్లు చేసేది. వంపే లేనప్పుడు క్రీప్ పెంచడానికి అక్కడ ఏమీ ఉండదు. నా లెక్కలో ఈ పద్ధతి అసలు లాభం ఇదే. అయితే 200 టన్నుల నొక్కుడుకు బీము పొడవు మాత్రం కొద్ది మిల్లీమీటర్లు తగ్గుతుంది, కాలంతో ఇంకా తగ్గుతుంది. అందుకే కింద బేరింగ్‌లు జరిగేందుకు వీలుండాలి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కేబుల్ మొత్తం 40 టన్నులు పైకి నెడుతోంది కదా, స్తంభాల మీద భారం అంతా తీరినట్టేనా? ఒక్క కిలో కూడా తగ్గదు. వంపు కేబుల్ రెండు కొసల దగ్గర ఏటవాలుగా ఉంటుంది. అక్కడ ఒక్కో చివరను 20 టన్నులతో కిందికి లాగుతుంది. మధ్యలో పైకి నెట్టినదంతా కొసల్లో స్తంభాల నెత్తికి దిగుతుంది.

లాగడం ఎప్పుడన్నదీ ముఖ్యమే. జాక్‌తో స్ట్రాండ్‌కు 13 టన్నులు లాగినా, డక్టు గోడల రాపిడికి, చీలలు కాస్త లోపలికి జారడానికి పోగా మొదట 12 మిగులుతుంది. కాలంతో అది 10 కి దిగుతుంది. తొలిరోజే రెండు కేబుళ్లూ లాగేస్తే తోపు మీటరుకు 2.4 టన్నులు. అప్పటికి బీము మీద ఉన్నది సొంత బరువు 1.2 మాత్రమే. పలకలు రాకముందే బీము మధ్యలో 14 మి.మీ. పైకి లేస్తుంది, పైభాగంలో లాగుడు పుట్టి సన్నని పగుళ్లు కనిపించవచ్చు. అలాగే నెలల తరబడి వదిలేస్తే క్రీప్ ఆ ఉబ్బును కూడా పెంచుతుంది. అందుకని మొదట ఒక్క కేబుల్ లాగుతారు. దాని తోపు 1.2 టన్నులు, సొంత బరువుకు సరిగ్గా సరి. పలకలు పరిచాక రెండోది.

సైట్‌లో ఎక్కువగా చెడేది కేబుల్ వంపు. కాంక్రీటు పోసేటప్పుడు ఖాళీ డక్టు తడి కాంక్రీటులో తేలుతుంది. అందుకే దాన్ని మీటరుకొక ఆధారంతో గట్టిగా కట్టాలి. మన బీములో అడుగు నుంచి డక్టు మధ్యగీత ఎత్తు చివర 600 మి.మీ., పావు దూరంలో 225, సరిగ్గా మధ్యలో 100. అక్కడ 50 మి.మీ. తేలిపోయిందంటే తోపులో పదో వంతు పోయినట్టే, జాక్ మీటరు ఎంత చూపించినా. ఇక లాగేటప్పుడు కేబుల్ ఎంత సాగిందో స్కేలుతో కొలుస్తారు. ఇక్కడ సుమారు 13 సెం.మీ. సాగాలి. మీటరు పూర్తి లాగుడు చూపిస్తుండగా సాగింది తక్కువైతే, చిరిగిన డక్టులోకి సిమెంటు పాలు దిగి కేబుల్ పట్టేసిందేమో చూడాలి. ఎక్కువ సాగితే స్ట్రాండ్ తెగిందేమో, చీల జారిందేమో చూడాలి. తేడా అయిదు శాతం దాటితే పని ఆపి కారణం వెతకాల్సిందే.

ఇంత చేసినా బ్యాలెన్స్ అయింది ఎప్పుడూ ఉండే బరువు మాత్రమే. మనుషులు, వాహనాలు వచ్చినప్పుడు బీము మామూలుగానే వంగుతుంది. వాటిని కూడా ముందే సరిచేయబోతే, ఎవరూ లేని రాత్రి బీము పైకి ఉబ్బి కూర్చుంటుంది. చివరి బలం సరిపోతుందా అన్నది వేరే లెక్క. వంపు సున్నా అయినంత మాత్రాన బీము పాసైనట్టు కాదు.

ఇప్పుడు ఎన్నో మాల్స్, ఆఫీసుల స్లాబులు కూడా ఈ తరహావే. స్పాన్ మధ్యలో కేబుల్ సీలింగ్‌కు చాలా దగ్గరగా ఉంటుంది, స్తంభాల మీదికి వచ్చేసరికి ఫ్లోరింగ్‌కు దగ్గరగా లేస్తుంది. కాబట్టి అలాంటి భవనంలో ఫ్యానుకో ఏసీకో రంధ్రం పెట్టించే ముందు కేబుల్ డ్రాయింగ్ అడిగి చూడండి. డ్రాయింగ్ దొరక్కపోతే స్కాన్ చేయించే వరకూ డ్రిల్లు పెట్టనివ్వకండి.